సీడీ మింగిన పెట్టె

ఎలీషబా కుడిచెయ్యి ఊరికే ఉండదు. కంచం తుడిచినా, మంచం పట్టె తుడిచినా, మనవరాలి మొహం తుడిచినా గుండ్రంగానే తిరుగుతుంది. పెళ్ళయి మార్కాపురం వచ్చిన ఏడాదే పలకల ఫ్యాక్టరీలో చేరింది. కోసిన పలకను తడిరాయి మీద రుద్దేవాళ్ళు వేరు, చెక్కఫ్రేము బిగించేవాళ్ళు వేరు. కట్ట కట్టే ముందు ప్రతి పలకనూ గుడ్డతో తుడిచి నలుపు తేల్చడం ఎలీషబా పని. వెలుతురుకు ఎత్తి చూస్తుంది, ఒక ఊదు ఊదుతుంది, గుడ్డ తిప్పుతుంది. అంతే, మొగుడి తల తుడిచినా అంతే.

"నా నెత్తి పలక కాదే, మెల్లిగా," అనేవాడు యోబు.

యోబు క్వారీలో రాయి తీసేవాడు. ఉలి పెట్టి పొర మీద పొర విడగొట్టడంలో అతనికి మంచి పేరుంది. ఆ పేరు ఎంత పెరిగిందో ఛాతీలో దగ్గు కూడా అంతే పెరిగింది. ఇప్పుడు ఇంటి నుంచి బోరింగు దాకా నడవాలంటే మధ్యలో ఎవరి అరుగు మీదనో కూర్చోవాలి. అయినా వారానికి రెండు మూడు రోజులు క్వారీకి పోతూనే ఉన్నాడు.

మొన్న గుంటూరులో పెద్ద డాక్టరు ఫోటో తీయించాడు. కుడివైపు ఊపిరితిత్తి పైభాగంలో చింతగింజంత తెల్లటి మచ్చ. పెన్ను మొనతో దాన్ని చూపించి ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఇది రాతిదుమ్ము గడ్డ కట్టిందైనా కావచ్చు, చెడ్డ గడ్డైనా కావచ్చు. సూది పెట్టి ముక్క తీస్తే తెలుస్తుంది. కానీ ఇంత పాడైన ఊపిరితిత్తిలో సూది దించితే గాలి పోయి అది ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. పాత ఫోటో ఏదైనా ఉందా? అప్పుడు కూడా ఈ మచ్చ ఇంతే ఉంటే, సూది అవసరం లేదు.

పాత ఫోటో ఉంది. కరోనా అప్పుడు యోబుకు ఊపిరి అందకపోతే ఒంగోలులో స్కానింగ్ తీయించారు. ఆ స్కానింగ్ సెంటరు తర్వాత మూతపడింది. వాళ్ళిచ్చిన కాగితంలో కరోనా ఎంత శాతమో తప్ప మచ్చ మాట లేదు. ఫోటోలన్నీ ఒక సీడీలో పెట్టిచ్చారు. ఆ సీడీని ఎలీషబా బైబిలు కవరులో దాచింది, వెనక అట్టకూ చివరి పేజీకీ మధ్య.

గుంటూరు ఆసుపత్రి అమ్మాయి ఫోనులో చెప్పింది. "సీడీ తేకండమ్మా, మా దగ్గర సీడీ పెట్టే కంప్యూటర్లు తీసేశారు. పెన్‌డ్రైవులో వేయించండి, లేదంటే మెయిలు చేయించండి. సోమవారం అడ్మిషను. అప్పటికి పాత ఫోటో రాకపోతే సూది పెట్టేస్తారు."

ఆ మాట శుక్రవారం. శనివారం మధ్యాహ్నం ఎలీషబా ఫ్యాక్టరీలో సగం పూట సెలవు అడిగి, బస్టాండు దగ్గర ఉమామహేశ్వర్లు శెట్టి జిరాక్సు దుకాణానికి వచ్చింది. అంతకుముందు నాలుగు దుకాణాలు తిరిగింది. అన్నిచోట్లా పలచటి ల్యాప్‌టాపులే. సీడీ చూపిస్తే, ఇదెక్కడ దూర్చాలమ్మా అని నవ్వారు. ఉమామహేశ్వర్లు దగ్గర మాత్రం పాత కంప్యూటరు ఒకటి మిగిలి ఉంది, సీడీ పెట్టే సొరుగుతో సహా.

సొరుగు మీట నొక్కితే రాలేదు. శెట్టి గోరు పెట్టి లాగితే వచ్చింది. సీడీ పెట్టి, వేలితో లోపలికి తోశాడు.

పెట్టె గుర్రుమంది. టిక్కు టిక్కుమని రెండుసార్లు కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ గుర్రుమంది.

"డిస్కు పెట్టమంటాండాది," అన్నాడు ఉమామహేశ్వర్లు తెర చూసి.

"పెట్టినాం గదా శెట్టిగారూ."

"పెట్టినాం. దానికి తెలీడంల్యా."

మీట నొక్కాడు. లోపల చిన్న మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, సొరుగు మాత్రం కదలడం లేదు. ఇంకోసారి. ఇంకోసారి. పచ్చలైటు మిణుకుమని ఆరిపోయింది. ఈసారి గోరుకు అంచు కూడా దొరకలేదు. అరచేత్తో పెట్టె నెత్తిన ఒకటి వేశాడు. ఎలీషబాకు ఆ దెబ్బ తన మొగుడి వీపు మీద పడ్డట్టే అనిపించింది.

"మెల్లిగా శెట్టిగారూ. మాకు ఉండేది అదొక్కటే."

"ఏం కాదులేమ్మా." ఆయన బల్ల అరలోంచి పెద్ద స్క్రూడ్రైవరు, పట్టకారు తీశాడు. స్క్రూడ్రైవరు మొనను సందులో దూర్చి పైకి మీటబోయాడు. ప్లాస్టిక్కు పటుక్కుమంది.

ఎలీషబా ఆయన మణికట్టు పట్టుకుంది.

ఇన్నేళ్ళలో ఆ బజారులో ఏ శెట్టి దుకాణంలోనైనా ఆమె చిల్లర కూడా చేతికి చెయ్యి తగలకుండానే తీసుకుంది. ఇప్పుడు పట్టు వదలలేదు. ఉమామహేశ్వర్లు ఆ చేతిని చూశాడు, ఆమె మొహం చూశాడు. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు.

"మీ ఇంటాయనదా?" అన్నాడు.

"ఊ. దాంట్ల పాత మచ్చ కనపడకపోతే సోమారం సూది పెడతారంట. సూది పెడితే లేస్తాడో లేడో."

ఆయన కొండయ్యకు ఫోను చేశాడు.

కొండయ్య ఒకప్పుడు గిద్దలూరులో వీడియో షాపు నడిపాడు. సీడీలు అద్దెకిచ్చేవాడు, పెళ్ళి వీడియోలకు పాటలు కలిపేవాడు. ఆ బేరం పడిపోయాక మార్కాపురం వచ్చి మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకుంటున్నాడు. మోపెడ్ దిగి, సంచి బల్ల మీద పెట్టి, ముందు స్క్రూడ్రైవరును చూశాడు.

"ఏంది శెట్టీ, కొబ్బరికాయ కొడతాండావా?"

"రాకపోతే ఏం చేసేది?"

"అడిగితే వస్తది. ముందు కరెంటు తీసెయ్."

కంప్యూటరు ఆపించి, ప్లగ్గు పీకించాడు. లోపల సీడీ తిరగడం పూర్తిగా ఆగిందాకా కూర్చున్నాడు. తర్వాత కాగితాలకు పెట్టే క్లిప్పు ఒకటి అడిగి, దాన్ని తిన్నగా సాగదీశాడు. సొరుగు మూత మీద, మీటకు పక్కన, చీమకన్నంత రంధ్రం ఉంది. అది ఉందని ఎలీషబాకు తెలీదు. ఇన్నేళ్ళుగా ఆ పెట్టె వాడుతున్న ఉమామహేశ్వర్లుకూ తెలీదు.

"అది గాలి కోసమనుకున్నా," అన్నాడు.

"మోటారు చేయాల్సిన పని చేత్తో చేసేదానికి." కొండయ్య తీగను అటూ ఇటూ వంచకుండా తిన్నగా లోపలికి పంపాడు. ఏదో తగిలింది. ఇంకొంచెం బలంగా నెట్టాడు. లోపల పళ్ళచక్రం కదిలిన చప్పుడైంది, సొరుగు వేలెడంత బయటికి వచ్చింది. మిగతాది చేత్తో నెమ్మదిగా లాగాడు.

సీడీ బయటపడింది. ఎలీషబా దాన్ని రెండు చేతులా అందుకుంది. సీడీ మెరిసే వైపు మబ్బుగా ఏదో పొర ఉంది. వెలుతురుకు ఎత్తింది. ఒక ఊదు ఊదింది. చీర కొంగు తీసి గుండ్రంగా తుడిచింది, ఇంకోసారి తుడిచింది.

"ఆగమ్మా," అన్నాడు కొండయ్య. గొంతు పెంచలేదు గానీ ఆ మాటకు ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

అతను సీడీ తీసుకుని ఏటవాలుగా పట్టుకున్నాడు. మెరుపులో సన్నటి గీతలు, ఒకదాని వెనక ఒకటి, అన్నీ గుండ్రంగానే.

"ఫ్యాక్టరీ నుంచే వచ్చినావా?"

"ఊ."

"కొంగు నిండా రాతిపొడి ఉండాది చెల్లీ. సీడీలో రాత గుండ్రంగా ఉంటది, నాగుపాము చుట్టలాగా. దాని వెంబడే గీత పడితే చదివేదానికి దారి పోతది. నడుమ నుంచి అంచుకు తుడవాల. అడ్డంగా గీత పడినా అది దాటుకొని పోగలదు."

ఎలీషబా నేల మీద కూర్చుండిపోయింది. పలకలు తుడిచి తుడిచి మంచి పేరు తెచ్చుకున్న చెయ్యి. ఆ చెయ్యే ఇప్పుడు మొగుణ్ణి తుడిచేసిందేమో అనుకుంది. కొంగు తీసి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"పోయినట్టేనా అన్నా?"

"చూడకుండా ఎట్ల చెప్పేది? ముందు దీని రోగం చూద్దాం."

కంప్యూటరు పక్కపలక విప్పి సీడీ పెట్టెను బయటికి తీశాడు. సొరుగును చివరంటా లాగితే లోపల ముందువైపు ఒక బుల్లి మోటారు. దాని కప్పీకీ పళ్ళచక్రానికీ మధ్య సన్నటి నల్ల రబ్బరు బెల్టు. కొండయ్య దాన్ని పట్టకారు మొనతో తీసి వేలికి చుట్టుకున్నాడు. వేలాడింది.

"సాగిపోయింది. మోటారు తిరుగుతాంది, బెల్టు జారతాంది. సొరుగు రాకపోవడం ఒకటే కాదు. లోపలికి పోయినాక చివర్న సీడీని ఎత్తి పట్టుకోవాల, ఆ ఎత్తేది కూడా ఈ బెల్టే. సగంలో జారితే సీడీ సరిగా కూర్చోదు. అందుకే డిస్కు పెట్టు, డిస్కు పెట్టు అంటాంది."

సంచిలో పాత టేప్‌రికార్డరు బెల్టుల గుత్తి ఉంది. ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఒకటి వదులు, ఒకటి మరీ బిగువు, ఒకటి గుండ్రటి దారం లాంటిది, కప్పీ గాడిలో నిలవలేదు. ఉమామహేశ్వర్లు జిరాక్సు కట్టకు చుట్టిన రబ్బరుబ్యాండు ఇవ్వబోయాడు.

"అది మూడుసార్లు లాగి తెగుతది. తెగి చక్రంలో పడితే మళ్ళా మనం మొదటికి." కొండయ్య బెల్టును స్పిరిటుతో తుడిచి లేచాడు. "పక్కన టీ కొట్టులో నీళ్ళు కాగుతాండాయా?"

టీ కొట్టు అంకాలమ్మది. కొండయ్య గ్లాసులో కాగే నీళ్ళు పోయించుకుని అందులో బెల్టు వేశాడు. అది చాలక, గిన్నెనే స్టవ్వు మీద పెట్టమన్నాడు.

"నా గిన్నెలో రబ్బరు ఉడకబెడతావా కొండయ్యా? రేపటి నుంచి టీ ఎవురు తాగుతారు?"

"పాలు లేకుండా అమ్ముతావు గదా, రబ్బరు రుచన్నా వస్తది."

"నోరు మూసుకో. ఎవురికి బాగలేదు?"

ఎలీషబా మొహం చూశాక అంకాలమ్మ గిన్నె మార్చి మంట పెంచింది. ఉడికిన రబ్బరు కొంచెం ముడుచుకుంటుంది. ఎక్కువ రోజులు నిలవదు, కానీ ఈ పూటకు పట్టుకుంటుంది. కొండయ్య దాన్ని ఆరబెట్టి, కప్పీకీ చక్రానికీ తగిలించి, వేలితో తిప్పి చూశాడు. ఈసారి జారలేదు.

పైరేకు విప్పితే ఇనుపకడ్డీల మీద జరిగే చిన్న దిమ్మె, దాని మీద సీడీని చదివే కందిగింజంత అద్దపు కన్ను. కన్ను మసకబారి ఉంది. కొండయ్య ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"శెట్టీ, నీ పెట్టెకు సాంబ్రాణి వాసనొస్తాంది."

ఉమామహేశ్వర్లు ఇబ్బందిగా నవ్వాడు. "మా ఇంటామె పొద్దుగూకినాక అన్ని యంత్రాలకూ పొగ చూపిస్తాది. దీనికి కొంచెం ఎక్కువ, ముసలిదని."

"దేవుడి మీద భక్తి మంచిదే. పొగ మీద ఈ ఊరి రాతిదుమ్ము అంటుకుంటే మాత్రం దీనికి దేవుడు కూడా కనపడడు."

ఉమామహేశ్వర్లు శానిటైజరు సీసా తెచ్చాడు. వద్దన్నాడు కొండయ్య, ఆరిపోయాక అది జిగురులాగా మిగిలిపోతుందట. వీడియో హెడ్లు తుడిచే పాత స్పిరిటు సీసా అతని సంచిలోనే ఉంది. చెవి శుభ్రం చేసుకునే దూదిపుల్లను అందులో ముంచి, తడి పిండేసి, కన్ను మీద ఆనీ ఆనకుండా తిప్పాడు. కన్ను నిలబడింది వెంట్రుకల్లాంటి తీగల మీద. నొక్కితే ఆ తీగలు వంగిపోతాయి, ఇక దానికి చూపు నిలవదు. దూది గోధుమరంగుకు తిరిగింది. ఇంకో పుల్ల. అది కొంచెం తెల్లగా వచ్చింది. మూడోది పొడిగా తాకించి, ఆరనిచ్చాడు. అప్పుడు రేకు బిగించి, పెట్టెను మళ్ళీ కంప్యూటరులో అమర్చి కరెంటు పెట్టాడు.

సీడీ పెట్టారు. సొరుగు తనంతట తాను లోపలికి పోయింది. గుర్రుమంది. టిక్కుమనలేదు. తెర మీద ఫైళ్ళ వరస కనపడింది.

ఎలీషబా లేచి నిలబడింది. ఉమామహేశ్వర్లు కాపీ చేయమని నొక్కాడు. పచ్చటి గీత పెరుగుతూ సగం దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. పెట్టె ఊపిరందని మనిషిలాగా వడిగా తిరిగింది, నెమ్మదించింది, మళ్ళీ తిరిగింది. తెర మీద ఎర్రటి గుర్తు పడింది. చదవలేకపోతున్నానంది.

ఇంకోసారి చేశారు. ఇంకొంచెం ముందే ఆగింది.

"అది నా చెయ్యి," అంది ఎలీషబా.

బయట గిద్దలూరు బస్సు వాడు ఊర్ల పేర్లు అరుస్తున్నాడు. ఇంటి దగ్గర యోబు గోడకు ఆనుకుని, పరుపు మీద పడుకోలేక, కూర్చునే కునుకు తీస్తుంటాడు. పొద్దున ఆమె బయల్దేరేటప్పుడు, రైలుకు బట్టలు సంచిలో పెట్టుకున్నావా అని మాత్రం అడిగాడు. సూది మాట ఎత్తలేదు. సూదంటే తనకు భయం లేదని చెప్పడానికి కూడా అతనికి ఊపిరి చాలదు.

"గీతలు లోతుగా లేవు," అన్నాడు కొండయ్య చివరకు. "గీతల్లో పొడి కూర్చోనుండాది. అది పోతే కొంత చదువుతదేమో. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు, మంచినీళ్ళు, మెత్తటి కొత్త గుడ్డ. నువ్వే కడుగు."

"నేను వద్దన్నా. నువ్వే చెయ్."

"నా చేతులకు గ్రీజు ఉండాది. శెట్టి చేతులు చూసినావు గదా, పట్టకారు మాదిరి. నువ్వే."

అంకాలమ్మ కొట్టు వెనక కొళాయి దగ్గర ఎలీషబా సీడీ కడిగింది. ఉమామహేశ్వర్లు కళ్ళద్దాలు తుడుచుకునే గుడ్డ ఇచ్చాడు. నడుమ నుంచి అంచుకు. ఒకసారి లాగింది. రెండోసారి చెయ్యి తనంతట తాను పక్కకు తిరగబోయింది. ఆపింది. మళ్ళీ తిరగబోయింది. చివరకు ఎడమచేతి రెండు వేళ్ళతో సీడీ అంచు పట్టుకుని, కుడిమణికట్టును మోకాలికి అదిమి పెట్టి, వేళ్ళు మాత్రం కదిలించింది. నడుమ నుంచి అంచుకు, నడుమ నుంచి అంచుకు. బడిలో మొదటిరోజు గీతలు దిద్దే పిల్లలాగా నాలుక పంటి కింద పెట్టుకుంది. పైన అంకాలమ్మ గొడుగు పట్టుకున్నట్టు ముందుకు వంగి, దుమ్ము పడకుండా చూస్తోంది.

ఈసారి కొండయ్య మామూలుగా కాపీ చేయనివ్వలేదు. చదవలేని చోటు దగ్గర మొండికేయకుండా దాన్ని వదిలి ముందుకు పోయే ప్రోగ్రాం ఒకటి వేశాడు. సీడీ తిరిగే వేగం తగ్గించాడు. ఇంక చేయాల్సింది ఏమీ లేదన్నట్టు కుర్చీ వెనక్కి జరిపాడు.

పచ్చగీత సగం దగ్గరికి వచ్చింది. ఆగింది. పెట్టె ఆయాసపడింది. ఉమామహేశ్వర్లు ఫ్యాను ఆపేశాడు, ఎందుకో ఆయనకే తెలీదు. ఒక ఫైలు పోయిందని తెర చెప్పింది. ఇంకోటి పోయింది. ఇంకోటి. ఎలీషబా ప్రార్థన గొణుక్కుంటోంది. గీత మళ్ళీ కదిలింది. ఆగుతూ, వదులుతూ, కుంటుకుంటూ చివరిదాకా వెళ్ళింది.

"కొన్ని రాలేదు," అన్నాడు కొండయ్య. "ఏవి రాలేదో మనకు తెలవదు."

ఉమామహేశ్వర్లు వచ్చినవాటిని తెరిచాడు. ఎలీషబా దగ్గరికి జరిగింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు, గీతలు, మరకలు. ఒకటి జరిపితే ఇంకోటి, మనిషిని ముక్కముక్కగా పలకల్లాగా కోసి వరసగా పేర్చినట్టు. జీవితమంతా నల్లటిది చేతిలో పెట్టుకుని తుడిచిన మనిషి. తన మొగుడి లోపల కూడా అదే నలుపు, దాని మీద ఎవరో సుద్దతో చుక్కలు పెట్టినట్టు. చింతగింజ ఎక్కడుందో వెతికింది. ఒకచోట ఉందనుకుంది, పక్కదాంట్లో లేదు.

"మనకు తెలవదులేమ్మా," అని ఉమామహేశ్వర్లు ఫైళ్ళన్నీ ఆసుపత్రి మెయిలుకు పంపాడు. పెన్‌డ్రైవులో కూడా వేసిచ్చాడు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు ఏ వాక్యం చదివాడో ఎలీషబాకు తెలీదు. ఫోను చేతిలోనే ఉంది. పాట పాడేటప్పుడు పక్కన మణెమ్మ మోచేత్తో పొడిచింది, "దేవుడికి ఫోను చేస్తాండావా ఏంది" అని.

మధ్యాహ్నం ఫోను మోగింది. గుంటూరు అమ్మాయి.

"పాత ఫోటోలు వచ్చాయమ్మా. అన్నీ రాలేదు, మధ్యలో కొన్ని లేవు. కానీ మచ్చ ఉన్న చోటు వచ్చింది. డాక్టరుగారు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. పెరగలేదు. ఇప్పుడు సూది వద్దన్నారు. ఆరు నెలలకు మళ్ళీ చూపించాలి. రాతిదుమ్ములోకి మాత్రం ఇక పోకూడదు. అది గట్టిగా చెప్పమన్నారు."

యోబు గోడకు ఆనుకుని వింటున్నాడు. ఆమె చెప్పింది. అతను తలాడించాడు.

"అయితే రేపు రైలు లేదు," అన్నాడు. ఒక ఊపిరి తీసుకున్నాడు. "క్వారీకి పోతా. మేస్త్రీ మనిషి కావాలన్నాడు."

"పోవద్దన్నారు."

"పాత మచ్చే గదా. పెరగలేదన్నారు గదా." ఇంకో ఊపిరి. "కూర్చోని తింటే ఎవురు పెడతారు?"

"నీ లోపల చూసినా నేను," అంది ఎలీషబా. "శెట్టి దుకాణంలో టీవీ మాదిరి పెట్టినారు. యాడ చూసినా రాయే. ఇంక పెట్టేదానికి చోటు లేదు."

యోబు ఆమె వైపు చూశాడు. తన లోపల ఏముందో తనకంటే ముందు చూసి వచ్చిన మనిషి.

సోమవారం తెల్లవారుతూనే క్వారీ ట్రాక్టరు సందు మొగదల ఆగి హారను కొట్టింది. యోబు లేచి చెప్పుల కోసం కాలితో వెతికాడు. ఎలీషబా అతనికంటే ముందు బయటికి వెళ్ళింది.

"రాడు," అంది డ్రైవరుతో.

"ఈరోజా?"

"ఇంకెప్పుడూ."

ట్రాక్టరు వెళ్ళిపోయింది. యోబు గడప మీద కూర్చున్నాడు. ఒక చెప్పు కాలికి, ఇంకోటి చేతిలో. ఎలీషబా పొయ్యి మీది గంజి దించి అతని ముందు పెట్టింది. పాత తువ్వాలు తడిపి పిండి, రాతిపొడి పోకుండా ఇన్నేళ్ళలో మొదటిసారి ముక్కుకూ నోటికీ కట్టుకుంది. ఆలస్యమైతే ఫ్యాక్టరీ గేటు మూసేస్తారని వడివడిగా నడిచింది.